తోట అమ్మకం వీడియోకి డ్రోన్ షాట్లు: ముందు జోన్, తర్వాత ఎత్తు, ఆ తర్వాతే స్క్రిప్ట్

ప్రశ్న: మా మామగారికి చేవెళ్ల దాటాక 5 ఎకరాల మామిడి తోట, అందులో చిన్న ఫామ్‌హౌస్ ఉన్నాయి. అమ్మకానికి పెట్టాం. తోట ఉత్తర దక్షిణాలుగా పొడవు, దాదాపు 200 మీటర్లు × 100 మీటర్లు. గేటు దక్షిణం వైపు మట్టిరోడ్డు మీద ఉంది, ఇల్లు తూర్పు ముఖం. మా కజిన్ దగ్గర 249 గ్రాముల డ్రోన్ ఉంది. "గ్రీన్ జోన్ అయితే ఏ పర్మిషనూ అక్కర్లేదు, వెళ్లి ఎగరేద్దాం" అంటున్నాడు. నిజమేనా? స్క్రిప్ట్‌లో డ్రోన్ షాట్లు ఎలా రాసుకోవాలి?

సమాధానం:

మీ కజిన్ చెప్పింది చాలావరకు నిజమే. గ్రీన్ జోన్‌లో, నేల నుంచి 120 మీటర్ల లోపు, 250 గ్రాములు దాటని నానో తరగతి డ్రోన్ ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. అయితే "వెళ్లి ఎగరేద్దాం" అనే మాట దగ్గర ఆగండి. జోన్ చూసుకునేది పోలీసులు అడుగుతారని మాత్రమే కాదు. మీరు ఎంత ఎత్తు దాకా వెళ్లవచ్చో చెప్పేది జోనే. ఆ ఎత్తును బట్టే తోటలో ఎంత భాగం ఫ్రేములో పడుతుందో తేలుతుంది. కాబట్టి మ్యాప్ చూడకముందే స్క్రిప్ట్ రాస్తే సగం షాట్లు మళ్లీ రాసుకోవాల్సి వస్తుంది.

ముందు జోన్ సంగతి. డ్రోన్ నిబంధనలు 2021 ప్రకారం దేశమంతటినీ గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లుగా విడదీశారు. digitalsky.dgca.gov.in లో ఎయిర్‌స్పేస్ మ్యాప్ తెరిచి, మీ తోట ఎక్కడుందో గేటు దగ్గర తీసుకున్న జీపీఎస్ అంకెలతో చూడండి. ఊరి పేరు కొట్టి చూస్తే ఊరి మధ్యకు తీసుకెళ్తుంది, తోట అక్కడికి రెండు మూడు కిలోమీటర్లు అవతల ఉండొచ్చు. లెక్క ఇలా ఉంటుంది: విమానాశ్రయం హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు నేల నుంచే ఎల్లో లేదా రెడ్. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్ల దాకా గ్రీన్, ఆ పైన ఎల్లో. అంతకన్నా దూరంలో 120 మీటర్ల దాకా గ్రీన్, పైన ఎల్లో. ఎల్లోలో ఎగరేయాలంటే అక్కడి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. రెడ్‌లో అయితే కేంద్ర ప్రభుత్వం అనుమతి. అమ్మకం వీడియో కోసం రెడ్ జోన్ అనుమతి వెంట పడటం దండగ, నేల మీంచే తీసుకోండి.

చేవెళ్ల శంషాబాద్ విమానాశ్రయానికి దాదాపు 30 కిలోమీటర్లు పడమరగా ఉంటుంది. అది దాటిన తోట అంటే 120 మీటర్ల గ్రీన్ అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా మ్యాప్ చూడకుండా వదలొద్దు. వికారాబాద్ వైపు ఇంకా ముందుకెళ్తే దామగుండం దగ్గర నేవీ రేడియో కేంద్రం కడుతున్నారు. రక్షణ స్థలాలు, అడవి హద్దులు ఉన్నచోట మ్యాప్ రంగుతో పాటు ఆ శాఖ మాట కూడా వినాలి. తోట గట్టు అటవీ భూమికి ఆనుకుని ఉంటే అటువైపు ఎగరేయకండి, లేదా రేంజ్ ఆఫీసులో అడిగి రండి.

రెండో విషయం తాత్కాలిక రెడ్ జోన్. వీఐపీ రాక, ఎన్నికల సభ, జాతర లాంటివి ఉంటే ఎస్పీ హోదాకు తగ్గని అధికారి ఒక ప్రాంతాన్ని ఒక్కోసారి 96 గంటల దాకా రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. అంటే పోయిన ఆదివారం తీసుకున్న గ్రీన్ స్క్రీన్‌షాట్ ఈ ఆదివారానికి చెల్లకపోవచ్చు. కమిషనరేట్ పరిధుల్లో డ్రోన్ల మీద విడిగా నిషేధ ఉత్తర్వులు కూడా వస్తుంటాయి. షూటింగ్‌కి వారం ముందు ఒకసారి, ముందురోజు రాత్రి ఒకసారి, ఆ పొద్దున ఒకసారి మ్యాప్ చూడాలి.

బరువు గురించి ఒక మెలిక ఉంది. 249 గ్రాములు అనేది కంపెనీ ఇచ్చిన మామూలు బ్యాటరీతో ఉన్న బరువు. నిబంధనలో లెక్కకొచ్చేది ఎగిరేటప్పటి మొత్తం బరువు. ప్రొపెల్లర్ గార్డు తగిలించినా, ఎక్కువసేపు వచ్చే పెద్ద బ్యాటరీ వేసినా అది 250 దాటి మైక్రో తరగతిలోకి పోతుంది. మైక్రో డ్రోన్‌ని సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. భూమి అమ్మకానికి వీడియో తీయడం మాత్రం వ్యాపార పనే, అప్పుడు సర్టిఫికెట్ ఉన్న పైలట్ కావాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కావాలి. నానోకి ఈ రెండూ అక్కర్లేదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద బ్యాటరీ, మెమరీ కార్డు, ఫిల్టరు అన్నీ పెట్టి తూచి చూడండి. ఇంకో మాట: చిన్న డ్రోన్ కాబట్టి జోన్లు వర్తించవు అని కొందరు అనుకుంటారు. అది తప్పు, ఎల్లో, రెడ్ హద్దులు అందరికీ ఒకటే.

గ్రీన్ జోన్‌లో పోలీసులకు చెప్పాలన్న నిబంధనేమీ లేదు. అయినా స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకుంటే మంచిది. అందులో తేదీ, టైము, సర్వే నంబరు, డ్రోన్ మోడల్, ఎగరేసే మనిషి పేరు, ఫోను, ఎంత ఎత్తు దాకా ఎగరేస్తారో రాయండి. ఊళ్లో ఎవరో ఫోన్ చేస్తే కానిస్టేబుల్ బండి వేసుకుని వస్తాడు, ఆ కాగితం చూపిస్తే అక్కడితో అయిపోతుంది. లేకపోతే పొద్దున వెలుతురంతా ఆ మాటల్లోనే పోతుంది.

ఇక అసలు పని. 120 మీటర్ల నుంచి నిట్టనిలువుగా కిందకి చూసినా మీ తోట మొత్తం ఫ్రేములో పట్టదు. ఈ చిన్న డ్రోన్లలో చాలావాటికి 24 మి.మీ. సమాన లెన్సు ఉంటుంది. ఆ లెన్సుతో కిందకి చూస్తే ఫ్రేము వెడల్పులో పడే నేల ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, ఫ్రేము నిలువులో పడేది ఎత్తుకు సుమారు 0.84 రెట్లు. అంటే 120 మీటర్ల ఎత్తులో 180 × 101 మీటర్లు కనిపిస్తాయి. మీ తోట పొడవు 200. ఇంకో పద్నాలుగు మీటర్లు పైకెళ్తే పడుతుంది కానీ అది ఎల్లో జోన్. ఒక టాప్ షాట్ కోసం ఆ గీత దాటొద్దు. కొన్ని డ్రోన్లు కొన్ని వీడియో మోడ్‌లలో అంచులు ఇంకాస్త కోసేస్తాయి కాబట్టి పది శాతం తక్కువే వస్తుందనుకోండి. అనుమానంగా ఉంటే ఇంటి ముందు 30 మీటర్లు కొలిచి రెండు మేకులు పాతి, 20 మీటర్ల ఎత్తు నుంచి చూడండి. రెండూ సరిగ్గా రెండంచుల దగ్గర పడితే లెక్క సరిపోయినట్టే.

అప్పుడేం చేయాలి? రెండు దారులున్నాయి. రెండూ వాడుకోవచ్చు.

మొదటిది, పొట్టి వైపు నుంచి వాలుగా చూడటం. దక్షిణం గట్టుకు 60 మీటర్లు వెనక, 80 మీటర్ల ఎత్తులో డ్రోన్ నిలిపి, గింబల్ −35 డిగ్రీలు పెడితే, అంటే కెమెరాను 35 డిగ్రీలు కిందకి వంచితే, దగ్గర గట్టు, దూరం గట్టు రెండూ ఫ్రేములో ఉంటాయి. ఆకాశం మాత్రం పడదు. ఆకాశం గీత కూడా కావాలంటే 100 మీటర్లు వెనక్కి జరిగి గింబల్ −20 చేయండి. ఇదే పని పొడవు వైపు నుంచి, అంటే తూర్పు నుంచో పడమర నుంచో చేస్తే 200 మీటర్ల దగ్గర గట్టు రెండు పక్కలా తెగిపోతుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి చూడటంలో ఇంకో లాభముంది: చలికాలంలో పొద్దు ఆగ్నేయం వైపు ఉంటుంది కాబట్టి సూర్యుడు ఎప్పుడూ కెమెరా వెనకే ఉంటాడు.

రెండోది, కిందకి చూస్తూ తోట పొడవునా నడిపించడం. 70 మీటర్ల ఎత్తులో ఫ్రేము వెడల్పు 105 మీటర్లు, అంటే తూర్పు పడమర గట్లు రెండూ అంచుల్లో నిలుస్తాయి. ఒకేసారి 59 మీటర్ల పొడవు కనిపిస్తుంది. దక్షిణం గట్టు ఫ్రేము కింది అంచులో మొదలుపెట్టి, ఉత్తరం గట్టు పై అంచుకు వచ్చేదాకా వెళ్లాలంటే డ్రోన్ ప్రయాణించేది 200 కాదు, 200 లోంచి 59 తీసేయగా 141 మీటర్లు. ఈ చిన్న తీసివేత మరిచిపోతే స్క్రిప్ట్‌లో వేసిన సెకన్లన్నీ తప్పిపోతాయి.

ఇదే తోట విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల దూరంలో ఉండి ఉంటే 60 మీటర్లు దాటకూడదు కదా. అప్పుడు వాలు షాట్‌ని 60 మీటర్ల ఎత్తు, 80 మీటర్ల వెనక, గింబల్ −25 అని మార్చుకుంటే పని జరుగుతుంది. టాప్ షాట్‌లో మాత్రం 90 మీటర్ల వెడల్పే పడుతుంది, రెండు గట్లూ కలిపి రావు. జోన్ ముందు చూడాలని అన్నది ఇందుకే.

దారిని స్క్రిప్ట్‌లో రాసే పద్ధతి. శాటిలైట్ మ్యాప్ ప్రింటు తీసి, తోట మీద క, గ, చ, ట అని బిందువులు పెట్టండి. గేటు, ఇల్లు, బోరు, నాలుగు మూలలు, రోడ్డు మలుపు చాలు. కరెంటు లైన్లు, ఎత్తైన చెట్లు ఎర్ర పెన్నుతో గీయండి. అవి శాటిలైట్ మ్యాప్‌లో సరిగా కనిపించవు, ఒకసారి తోటంతా నడిచి చూసి గీయాల్సిందే. తర్వాత స్క్రిప్ట్ రెండు వరుసలు: ఎడమ వాయిస్, కుడి డ్రోన్ దారి. కుడి వరుసలో ప్రతి షాట్‌కి మొదలు, చివర, ఎత్తు, డ్రోన్ కదిలే దిక్కు, కెమెరా చూసే దిక్కు, గింబల్ కోణం, వేగం, సెకన్లు ఉండాలి. కదిలే దిక్కు, చూసే దిక్కు విడివిడిగా రాయకపోతే "వెనక్కి వెళ్లు" అన్నప్పుడు ఎటు వెనక్కో ఎగరేసేవాడికి తెలియదు.

మీ తోటకి మూడు షాట్లు ఇలా ఉంటాయి:

షాట్ 2, తోట పరిచయం. వాయిస్: "గేటు లోపలి నుంచి అవతలి గట్టు దాకా మొత్తం ఐదెకరాలు." మొదలు: గేటుకు 30 మీ. దక్షిణం, ఎత్తు 15. చివర: గేటుకు 100 మీ. దక్షిణం, ఎత్తు 80. కదలిక దక్షిణానికి, పైకి. కెమెరా ఉత్తరానికి. గింబల్ −20, మొదటి నుంచి చివరి దాకా కదపొద్దు. పైకి సెకనుకు 3 మీ., వెనక్కి 3.2 మీ. తీసేది 22 సెకన్లు, ఎడిటింగ్‌లో 2 రెట్లు, వాడేది 11.

షాట్ 4, టాప్. వాయిస్: "చెట్లు వరసల్లో ఉన్నాయి, మధ్యలో ట్రాక్టర్ తిరిగే ఎడం ఉంది." ఎత్తు 70, గింబల్ −90, దక్షిణం గట్టు నుంచి ఉత్తరానికి 141 మీ., సెకనుకు 6 మీ. తీసేది 24 సెకన్లు, 2 రెట్లు, వాడేది 12.

షాట్ 5, ఇల్లు. వాయిస్: "తూర్పు ముఖం ఇల్లు, ముందు పది మీటర్ల వాకిలి." ఇంటి చుట్టూ 25 మీ. దూరంలో, ఎత్తు 15, గింబల్ −30. ఆగ్నేయం నుంచి ఈశాన్యం దాకా పావు వంతు వృత్తం మాత్రమే. 39 మీ., సెకనుకు 3 మీ., 13 సెకన్లు, మామూలు వేగం.

షాట్ 2లో గింబల్ కదపకుండా పని జరిగేలా లెక్క వేసిన సంగతి గమనించండి. మొదట్లో గేటు ఫ్రేములో ఉంటుంది, చివర్లో తోటంతా ఉంటుంది, రెంటికీ −20 చాలు. డ్రోన్ కదులుతుండగా గింబల్ కూడా తిప్పితే కొత్తవాళ్ల చేతిలో చివర్లో ఒక కుదుపు పడుతుంది, దాన్ని ఎడిటింగ్‌లో దాచలేం. షాట్ 5లో పూర్తి చుట్టు వద్దన్నది కూడా కారణంతోనే. పూర్తి వృత్తం 157 మీటర్లు, అదే వేగంలో 52 సెకన్లు. అంత పొడుగు వాయిస్ లేదు. పైగా ఇంటి పడమర గోడ పొద్దున నీడలో ఉంటుంది, నీళ్ల ట్యాంకు, పాత సామాను అక్కడే ఉంటాయి.

ప్రతి షాట్‌కి ముందు 3, వెనక 3 సెకన్లు అదనంగా రికార్డు చేయండి. డ్రోన్ కదలడం మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు వేగం సమంగా ఉండదు, ఆ భాగం కోసేయాలి. అందుకే దారి కూడా రెండు పక్కలా కొంచెం పొడిగించి రాసుకోవాలి. వాయిస్ సెకన్లు మాత్రం ఊహించకండి. మామూలు వేగంలో పైకి చదివి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలవండి.

మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా దారి చూపించాలనుకుంటే, నిటారుగా ఉన్న ముక్క మాత్రమే తీసుకుని వేగం పెంచండి. మలుపుల్లో తిప్పుతూ తీసినది 4 రెట్లు చేస్తే కళ్లు తిరుగుతాయి. మధ్యలో ముక్క కోసేసి దగ్గరున్నట్టు చూపించకండి, కొనేవాళ్లు కారేసుకుని వచ్చినప్పుడు మొదట పట్టుకునేది అదే.

ఎక్కడ చెడుతుంది. తోటల్లో డ్రోన్ పడేది ఎక్కువగా బోరు మోటారుకి వెళ్లే కరెంటు తీగల వల్ల. ఆ తీగలు సన్నగా ఉంటాయి, డ్రోన్ సెన్సర్లు చాలాసార్లు పసిగట్టవు. షాట్ 2 వెనక్కి వెళ్లే షాట్, కాబట్టి ముందు అదే దారిలో అదే ఎత్తుల్లో డ్రోన్ ముఖం అటు తిప్పి ఒకసారి మెల్లగా వెళ్లి చూసి, తర్వాత రికార్డు చేయండి. ముందుకు ఎగరేసి తీసి ఎడిటింగ్‌లో తిరగేద్దాం అనుకుంటే, రోడ్డు మీద ఒక్క బండి ఉన్నా వెనక్కి నడుస్తూ కనిపిస్తుంది.

రిటర్న్ టు హోమ్ ఎత్తు 40 మీటర్లు పెట్టండి, మామిడి చెట్లే కాదు, చుట్టుపక్కల ఉండే నీలగిరి, తాడి చెట్లను కూడా దాటాలి. సెల్ టవర్ దగ్గర్లో ఉంటే ఇంకా పెంచాలి. చెట్టు కింద నిలబడి ఎగరేయకండి, సిగ్నల్ పోయి తిరిగొచ్చేటప్పుడు అదే చెట్టు కొమ్మల్లో దిగుతుంది. స్క్రీన్ మీద కనిపించే ఎత్తు బయల్దేరిన చోటు నుంచి లెక్క. నేల వాలుగా ఉంటే అవతలి చివర అసలు ఎత్తు వేరుగా ఉంటుంది. కాబట్టి అన్ని షాట్లూ గేటు దగ్గర ఒకే చోటు నుంచి లేపితే స్క్రిప్ట్‌లోని అంకెలు నిలుస్తాయి. మర్రి, రావి చెట్ల దగ్గర తేనెపట్టు ఉందేమో కాపలా మనిషిని అడగండి. గద్ద వెంటపడితే పైకి తీసుకెళ్లి దూరంగా జరపండి, కిందకి దించితే ఇంకా మీదకొస్తుంది.

ఎగరేసే వరస స్క్రిప్ట్ వరస కాకూడదు. చలికాలం పొద్దున ఆ వైపు మంచు తేలిపోయే దాకా దూరం షాట్లు తెల్లగా, మసకగా వస్తాయి. తూర్పు ముఖం ఇంటికి మాత్రం పొద్దుటి ఎండే అందం. అందుకని 7 గంటలకి షాట్ 5, మంచు విడిచాక 8 తర్వాత షాట్ 2, ఆపైన షాట్ 4. పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది, అందుకే పదింటి లోపు ముగించేలా చూసుకోండి. బ్యాటరీ డబ్బా మీద 34 నిమిషాలు అని ఉన్నా 20 నిమిషాల లెక్కే వేసుకోండి, 30 శాతం దగ్గర దించేయండి.

చివరగా హద్దులు. హద్దురాళ్లు 80 మీటర్ల పై నుంచి కనపడవు. అక్కడ 4కే వీడియోలో ఒక మీటరు నేల సుమారు 32 పిక్సెళ్లు, జానెడు రాయి ఆరేడు పిక్సెళ్లు. నాలుగు మూలల్లో మీటరు చదరం తెల్ల గుడ్డ గానీ, సున్నంతో పెద్ద గుర్తు గానీ వేయండి. ఎడిటింగ్‌లో హద్దు గీత గీసేటప్పుడు ఆ గుర్తుల్నే పట్టుకోవాలి. కంచెను పట్టుకుని గీయకండి, చాలాచోట్ల కంచె ఒకటి, సర్వే టిప్పన్ ఒకటి. గుర్తులు వేసేముందు టిప్పన్ చూసి మూలలు ఖాయం చేసుకోండి. దక్షిణం వైపు షాట్ 2లో డ్రోన్ రోడ్డు దాటి అవతలి రైతు పొలం మీదకి వెళ్తుంది. ఆయనకి ముందురోజే చెప్పి, కూలీలు పనిలో లేని టైము అడిగి పెట్టుకోండి.